రుబిడియం రేఖ లెక్కకంటే వెడల్పుగా వస్తోందా? గ్యాస్‌ను అనుమానించే ముందు లాగ్ తీయండి

రుబిడియం ఆవిరి సెల్ గుండా 780 నానోమీటర్ల డయోడ్ లేజర్‌ను పంపి, D2 రేఖ మీదుగా స్కాన్ చేసి, ఫోటోడయోడ్ సిగ్నల్‌లో నాలుగు గుంటలు చూడటం వరకు అందరికీ వస్తుంది. చిక్కంతా గుంట వెడల్పు కొలిచాకే. డాప్లర్ సూత్రం 510 మెగాహెర్ట్జ్ అంటుంది, తెర మీద 660 కనిపిస్తుంది. మిగిలిన 150ని ఎవరి ఖాతాలో వేయాలో తెలియక చాలామంది వెంటనే పీడన విస్తరణ ఖాతాలో వేసేస్తారు. సెల్ లీకైందనో, తయారీదారు లోపల వేరే గ్యాస్ వదిలాడనో తేల్చేస్తారు. ఎక్కువసార్లు సెల్‌లో ఏ లోపమూ ఉండదు. ట్రాన్స్‌మిషన్ గుంటనే రేఖ ఆకారం అనుకుని కొలవడమే అసలు తప్పు.

ముందు అసలు ఎంత రావాలో తెలుసుకోండి

సహజ వెడల్పు ఉత్తేజిత స్థితి ఆయుష్షు నుంచి వస్తుంది. రుబిడియం 5P3/2 స్థితి ఆయుష్షు సుమారు 26.2 నానోసెకన్లు. దాన్ని 2π తో గుణించి తలకిందులు చేస్తే 6.07 మెగాహెర్ట్జ్. ఉష్ణోగ్రత మార్చినా, సెల్ మార్చినా ఇది మారదు.

డాప్లర్ వెడల్పు అణువుల వేగం నుంచి వస్తుంది. సగం ఎత్తు దగ్గర పూర్తి వెడల్పుకు సూత్రం ఇది:

```
Δν_D = (1/λ) · sqrt(8 ln2 · kT/m)
```

300 కెల్విన్ దగ్గర 87Rb కి 511, 85Rb కి 517 మెగాహెర్ట్జ్ వస్తుంది. T వర్గమూలంలో ఉంది కాబట్టి సెల్‌ను 25 నుంచి 60 డిగ్రీలకు వేడి చేసినా ఇది 6 శాతం కూడా పెరగదు.

పీడన వెడల్పు అణువులు ఒకదానికొకటి లేదా వేరే గ్యాస్‌తో ఢీకొనడం వల్ల వస్తుంది. నైట్రోజన్ అయితే టార్‌కు సుమారు 18 మెగాహెర్ట్జ్. గ్యాస్ నింపని సెల్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర రుబిడియం అణువులు తమలో తాము ఢీకొనడం వల్ల వచ్చేది కిలోహెర్ట్జ్ స్థాయిలోనే ఉంటుంది. దాన్ని వదిలేయవచ్చు.

ఈ మూడింటినీ నేరుగా కూడేయకూడదు. సహజ, పీడన వెడల్పులు రెండూ లోరెంజ్ ఆకారాలు, అవి తమలో తాము మామూలుగా కూడుకుంటాయి. డాప్లర్‌ది గాసియన్ ఆకారం. రెంటి కలయికే వోయ్‌గ్ట్ ఆకారం. దాని వెడల్పుకు పనికొచ్చే ఉజ్జాయింపు:

```
f_V ≈ 0.5346 f_L + sqrt(0.2166 f_L² + f_G²)
```

ఇందులో f_L = 6, f_G = 517 పెట్టి చూడండి. సహజ వెడల్పు మొత్తానికి చేర్చేది 3 మెగాహెర్ట్జ్ మాత్రమే. డాప్లర్ గుంటను కొలిచి సహజ వెడల్పు రాబట్టాలని చూసేవాళ్లు ఈ ఒక్క లెక్క చేస్తే ఆ ప్రయత్నం మానేస్తారు.

లక్షణం: 510 రావాల్సింది 540 దాకా వస్తోంది

ఇది లోపం కాదు. ఒక్కో గుంటలో మూడేసి హైపర్‌ఫైన్ రేఖలు కలిసిపోయి ఉంటాయి. 85Rb లో F=3 నుంచి వెళ్లే గుంటనే తీసుకోండి. F'=4, 3, 2 రేఖల మధ్య దూరాలు 120.6, 63.4 మెగాహెర్ట్జ్. వాటి బలాలు కలిపి లెక్కిస్తే గది ఉష్ణోగ్రత దగ్గర ఆ గుంట వెడల్పు సుమారు 540 అవుతుంది. 87Rb F=2 గుంటలో ఈ దూరాలు ఇంకా ఎక్కువ కాబట్టి అది 600 దాటుతుంది, ఆకారం కూడా ఒకవైపు ఒరిగి ఉంటుంది. ఒక్క గాసియన్‌తో ఫిట్ చేసే పనైతే 85Rb F=3 నే ఎంచుకోండి, పోల్చాల్సింది 517తో కాదు, 540తో.

లక్షణం: వెడల్పులన్నీ ఒకే నిష్పత్తిలో తేడాగా ఉన్నాయి

అలాగైతే తప్పు ఫ్రీక్వెన్సీ స్కేలులో ఉంది. 85Rb రెండు గుంటల మధ్య దూరాన్ని 3.036 గిగాహెర్ట్జ్ అనుకుని స్కేలు వేస్తారు. అది భూస్థితి విభజన. గుంటల మధ్యబిందువుల దూరం అది కాదు. పై స్థితి హైపర్‌ఫైన్ వల్ల రెండు గుంటలూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి, దూరం 2.9 దగ్గరకు వస్తుంది. ఇక్కడే 4 శాతం తప్పు దొర్లుతుంది. శాచ్యురేటెడ్ అబ్సార్ప్షన్ శిఖరాలతోగానీ, ఎటలాన్‌తోగానీ స్కేలు వేయండి. పిజో స్కాన్ రెండు కొసల్లో వంగుతుంది, కాబట్టి గుంటను స్కాన్ మధ్యలోకి తెచ్చి కొలవండి.

లక్షణం: 540 రావాల్సింది 660 వస్తోంది, సెల్ వేడెక్కితే ఇంకా పెరుగుతోంది

అందరినీ మోసం చేసేది ఇదే. నింపాదిగా చదవండి.

ఫోటోడయోడ్ చూపేది శోషణ గుణకం కాదు, సెల్ దాటి వచ్చిన కాంతి. ఆ రెంటి మధ్య ఘాతాంకం ఉంది: T = exp(−τ). ఇక్కడ T ఉష్ణోగ్రత కాదు, సెల్ దాటి వచ్చిన కాంతి వాటా. τ ని ఆప్టికల్ డెప్త్ అంటాం. రేఖ ఆకారం ఉండేది τ లోనే. τ చిన్నగా ఉన్నంతవరకు గుంట ఆకారం, రేఖ ఆకారం దాదాపు ఒకటే. τ పెరిగేకొద్దీ రేఖ మధ్యలో కాంతి ముందే తినేయబడి ఉంటుంది, అక్కడ గుంట ఇంకా లోతుకు పోవడానికి చోటుండదు. పక్కల్లో మాత్రం శోషణ పెరుగుతూనే ఉంటుంది. దాంతో గుంట పక్కలకు విస్తరిస్తుంది. అణువుల్లో ఏ మార్పూ లేదు, కొలిచిన ఆకారమే మారింది.

ఎంత విస్తరిస్తుందో లెక్క కట్టవచ్చు. రేఖ గాసియన్ అనుకుంటే, మధ్యలో τ విలువ 0.1 ఉన్నప్పుడు గుంట వెడల్పు అసలుకంటే 2 శాతమే ఎక్కువ. 0.5 దగ్గర 9 శాతం, 1 దగ్గర 18 శాతం, 3 దగ్గర దాదాపు 50 శాతం.

మామూలుగా ల్యాబుల్లో ఉండే 7.5 సెంటీమీటర్ల సెల్‌ను తీసుకుందాం. సహజ ఐసోటోప్ మిశ్రమం, గ్యాస్ లేదు, 25 డిగ్రీలు. 85Rb F=3 గుంట మధ్యలో τ సుమారు 1.3, అంటే కాంతిలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువే బయటికొస్తుంది. ఆ విలువకు విస్తరణ 23 శాతం. 540 కాస్తా 665 అవుతుంది. ఇది చూసి 665 నుంచి వోయ్‌గ్ట్ సూత్రంతో లోరెంజ్ భాగం తీస్తే 217 మెగాహెర్ట్జ్ వస్తుంది, అంటే 12 టార్ నైట్రోజన్ ఉన్నట్టు. సెల్‌లో అసలు లేని గ్యాస్‌కు పీడనం లెక్కకట్టినట్టు. అంతా డాప్లరే అనుకుని ఉష్ణోగ్రత తీసినా అంతే, గది ఉష్ణోగ్రతలో ఉన్న సెల్ 200 డిగ్రీలకు అటూఇటుగా ఉందని తేలుతుంది.

అసలు కారణం ఇదేనని రూఢి చేసుకోవడానికి సెల్ ఉష్ణోగ్రత మార్చి చూడటమే సులువైన దారి. గది ఉష్ణోగ్రత దగ్గర రుబిడియం సాంద్రత చాలా వేగంగా మారుతుంది. 25 నుంచి 60 డిగ్రీలకు వెళ్తే పాతిక రెట్లు పెరుగుతుంది. పై సెల్‌నే 18, 25, 35 డిగ్రీల దగ్గర కొలిస్తే గుంట వెడల్పు సుమారు 590, 665, 855గా ఉండాలని లెక్క చెబుతుంది. అదే మూడు కొలతల్లో τ వెడల్పు 534, 540, 548. మొదటి వరుస ఎగబాకుతూ, రెండోది దాదాపు కదలకుండా ఉంటే దోషి దొరికినట్టే. 35 డిగ్రీల దగ్గర గుంట అడుగు చదునుగా కనిపించడం కూడా దీని గుర్తే.

సరిచేయడం ఇలా. ముందు లేజర్‌ను సెల్‌కు ముందే కాగితంతో ఆపి, ఫోటోడయోడ్ ఇచ్చే చీకటి వోల్టేజీ రాసుకోండి. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత గుంటలకు బయటున్న భాగాలకు ఒక సరళరేఖగానీ, రెండో ఘాత వక్రంగానీ ఫిట్ చేసి బేస్‌లైన్ తీసుకోండి. స్కాన్‌తో పాటు డయోడ్ కరెంటు మారితే పవర్ కూడా వాలుతుంది కాబట్టి బేస్‌లైన్ సమంగా ఉండదు. ఇక మిగిలింది ఒక్క పంక్తి:

```python
tau = -np.log((V - V_dark) / (V_base - V_dark))
```

ఫిట్ చేయాల్సింది ఈ tau కు. 87Rb F=2, 85Rb F=3 గుంటల అంచులు ఒకదానిపై ఒకటి పడతాయి కాబట్టి వీలైతే నాలుగు గుంటల్నీ ఒకేసారి ఫిట్ చేయండి.

లాగ్ తీశాక కూడా ఒక ఉచ్చు ఉంది. τ విలువ 3 దాటితే సిగ్నల్ సున్నాకు ఆనుకుని ఉంటుంది, చీకటి వోల్టేజీలో కొద్ది తేడా కూడా లాగ్‌లో పెద్దదవుతుంది. డయోడ్ నుంచి రేఖ బయటి తరంగదైర్ఘ్యాల్లో వచ్చే నేపథ్య కాంతి సెల్‌లో శోషణ చెందదు, అది గుంట అడుగును కృత్రిమంగా పైకెత్తుతుంది. అందుకే మొదటినుంచే τ 0.5 లోపు ఉండేలా చూసుకోవడం మంచిది. సెల్‌ను 15 డిగ్రీలకు చల్లబరచండి, లేదంటే పొట్టి సెల్ వాడండి. సాంద్రతను నిర్ణయించేది సెల్‌లో అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు. హీటర్ పక్కన పెట్టిన థర్మామీటర్ చెప్పేది కాదు.

పాత సోడియం దీపం రేఖల్లోనూ ఇదే జరుగుతుంది. దీపం బాగా వేడెక్కాక లోపలి ఆవిరి తన కాంతిని తానే పీల్చుకుంటుంది, రేఖ లావెక్కి మధ్యలో చీలినట్టు కూడా కనిపిస్తుంది. దాన్ని పీడన విస్తరణ అని రాయకండి.

నిజంగానే గ్యాస్ ఉందా?

లాగ్ తీశాక కూడా వెడల్పు మిగిలితే అప్పుడు గ్యాస్ గురించి ఆలోచించండి. పీడన విస్తరణ ఒంటరిగా రాదు, రేఖ స్థానాన్ని కూడా జరుపుతుంది. 12 టార్ నైట్రోజన్ ఉంటే D2 రేఖ సుమారు 70 మెగాహెర్ట్జ్ ఎరుపు వైపు జరగాలి. గ్యాస్ లేని మరో సెల్‌ను అదే స్కాన్‌లో పక్కన పెట్టి పోల్చండి. ఇంకో తేలిక పరీక్ష: ఎదురెదురు కిరణాలతో శాచ్యురేటెడ్ అబ్సార్ప్షన్ చేయండి. సన్నని శిఖరాలు స్పష్టంగా వస్తే టార్ల కొద్దీ గ్యాస్ లేనట్టే, ఎందుకంటే ఢీకొనడాలు అణువుల వేగాన్ని మార్చి ఆ శిఖరాల్ని చెరిపేస్తాయి. ఆ శిఖరాలు 6 కు బదులు 9, 10 మెగాహెర్ట్జ్ ఉంటే గాబరా పడకండి. శాచ్యురేషన్ తీవ్రత చదరపు సెంటీమీటరుకు 1.67 మిల్లీవాట్లు, కిరణం అంత ఉంటే వెడల్పు 6.07 × √2 = 8.6 అవుతుంది. పవర్ తగ్గిస్తూ కొలిచి సున్నా పవర్ దాకా గీత పొడిగిస్తే సహజ వెడల్పుకు దగ్గరవుతారు.

మిగతావి

డాప్లర్ కొలతలో గుంట లోతు లేజర్ పవర్‌తో మారుతుంటే, న్యూట్రల్ ఫిల్టర్ వేసి మారడం ఆగేదాకా తగ్గించండి. భూమి అయస్కాంత క్షేత్రం ఒక మెగాహెర్ట్జ్ లోపే. అణువులు కిరణాన్ని దాటిపోయే కాలం వల్ల వచ్చే విస్తరణ మిల్లీమీటరు కిరణంలో ఇంకా తక్కువ. లేజర్ సొంత వెడల్పు పదుల మెగాహెర్ట్జ్ ఉన్నా 540 పక్కన చేర్చేది కొద్దిగానే. డాప్లర్ గుంటలో 100 మెగాహెర్ట్జ్ తేడా కోసం వీటి వెంట పడకండి.