వాదనలో మెలకువలు – 3వ పాఠం: గోల్‌పోస్టు జరిపినప్పుడు

పోయిన పాఠంలో ఎదుటివారు అనని మాటను వారికి అంటగట్టి ఖండించడం గురించి చెప్పుకున్నాం. ఈ పాఠంలోది దానికి దగ్గరి చుట్టం. అక్కడ మన మాటను మారుస్తారు, ఇక్కడ తమ షరతును మారుస్తారు.

ఆర్కే బీచ్ ఇసుకలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడేటప్పుడు గోల్‌పోస్టులంటే చెప్పులే. ఇటు రెండు, అటు రెండు. అసలు మైదానంలో పోస్టుల మధ్య దూరం 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు అని లెక్క ఉంటుంది, అవి కదలకుండా బిగించి ఉంటాయి. ఇసుకలో చెప్పుకి ఆ బిగింపు లేదు. బంతి వస్తోందనగా గోలీ దాన్ని కాలితో జానెడు లోపలికి నెట్టేస్తాడు. బంతి చెప్పు పక్కనుంచి పోతుంది, గోలు కాదంటాడు. “ఏటిరా, చెప్పు జరిపేసినావేటి?” అని అవతలి జట్టు మీదికొస్తుంది. ఇంగ్లీషు నుంచి మన ఆఫీసుల్లోకీ టీవీ చర్చల్లోకీ వచ్చిన ‘గోల్‌పోస్టు జరపడం’ అన్న మాటలో ఉన్న బొమ్మ ఇదే. ఒక షరతు పెట్టి, అది తీరేటప్పటికి లేదా తీరాక, మొదటినుంచీ షరతు వేరేదే అన్నట్టు మాట్లాడటం.

తెలుగులో దీని చుట్టుపక్కల మంచి మాటలున్నాయి గానీ ఒక్కోదానికి ఒక్కో అర్థం. ప్లేటు ఫిరాయించినవాడి అభిప్రాయమే మారిపోతుంది. నిన్న అవునన్నవాడు ఇవాళ కాదంటాడు. గోల్‌పోస్టు జరిపేవాడి అభిప్రాయం మారదు. నిన్నా కాదన్నాడు, ఇవాళా కాదనే అంటాడు. ఆ ‘కాదు’ నిలబడటానికే షరతును మారుస్తాడు. ఫైలు మీద కొర్రీ వేయడం దీనికి చాలా దగ్గర, అయితే కొర్రీ సరైనదీ కావచ్చు. మొదటిసారే చెప్పాల్సిన లోపాన్ని, ముందు చెప్పినవి సరిచేశాక ఒక్కొక్కటిగా బయటపెడితే అప్పుడది గోల్‌పోస్టు జరపడం అవుతుంది. మామూలు మాటల్లో ‘మెలిక పెట్టాడు’ అంటే చాలాసార్లు సరిపోతుంది.

ముందు ఇంట్లో జరిగే చిన్న వాదన చూద్దాం. రైతుబజారులో కూరగాయలు చవక అని అక్క అంటుంది. “ఏం కాదు, వీధిలో బండి మీద కూడా అదే ధర. టమాటా ధర చూపించు, ఒప్పుకుంటా” అంటాడు తమ్ముడు. అక్క ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్లి బోర్డు ఫోటో తీసుకొస్తుంది. కిలో మీద 8 రూపాయలు తక్కువ ఉంది. అప్పుడు తమ్ముడు రెండు రకాలుగా మాట్లాడొచ్చు.

ఒకటి: “సరే అక్కా, టమాటా చవకే. కానీ ఆటోకి 40 రూపాయలు పెట్టావు కదా, అది కలిపితే?” ఇది గోల్‌పోస్టు జరపడం కాదు. మొదటి మాట ఓడిపోయిందని ఒప్పుకుని రెండో ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నలో పస ఉంది కూడా. ఆటోకి పెట్టిన 40 రూపాయలు టమాటాలోనే రాబట్టాలంటే 5 కిలోలు కొనాలి. రెండోది: “టమాటా ఎవడడిగాడు? నేనన్నది ఆటో ఖర్చుతో కలిపి.” ఇది జరపడం. రెండింట్లోనూ ఆటో ఖర్చే ఉంది, తేడా అంతా ‘సరే’ అన్న మాటలో ఉంది. కొత్త అభ్యంతరం తేవడం తప్పు కాదు. పాతది తీరిందని ఒప్పుకోకపోవడం, కొత్తది పాతదే అన్నట్టు నటించడం తప్పు. ఈ తేడా పట్టుకోనివాళ్లు ఎదుటివారు ఏ కొత్త మాట ఎత్తినా ‘గోల్‌పోస్టు జరిపావు’ అంటూ నోరు మూయించడానికి చూస్తారు. అదీ అన్యాయమే.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ పోయేది డబ్బు. ద్వారకానగర్‌లో షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న ఆఫీసు ఉందనుకుందాం. అందులో ఒకమ్మాయితో జూలై 1న మేనేజరు అంటాడు: “సెప్టెంబరు 30లోగా 20 షాపుల్ని చేర్చమ్మా. అక్టోబరు నుంచి జీతం 3,000 పెంచుతాం.” ఆమె పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, గాజువాక తిరిగి జూలైలో 6, ఆగస్టులో 8, సెప్టెంబరులో 9, మొత్తం 23 షాపుల్ని చేర్చింది. ఆగస్టులో చేరినవాటిలో రెండు మానేశాయి. అక్టోబరు 1న అడిగితే మేనేజరు జవాబు: “చేర్చడం గొప్ప కాదమ్మా. కనీసం మూడు నెలలు నిలబడాలి కదా. అలాంటివి ఎన్నున్నాయి?”

ఈ జవాబు వినగానే న్యాయంగానే అనిపిస్తుంది. మానేసే షాపుల వల్ల కంపెనీకి లాభమేముంది? అందుకే షరతు మంచిదా చెడ్డదా అని ఆలోచించకూడదు, అది ఎప్పుడు పుట్టింది అని చూడాలి. దానికి ఒక నికరమైన పరీక్ష ఉంది: ఇప్పుడు చెబుతున్న షరతు, మొదట ఇచ్చిన గడువులో తీరేదేనా? సెప్టెంబరు 30 నాటికి మూడు నెలలు నిండాలంటే షాపు జూలై 1నే చేరి ఉండాలి. అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో చేరిన 17 షాపులూ ఎంత గట్టిగా నిలబడినా లెక్కలోకి రావు. 20 షాపుల్నీ మొదటి రోజే చేర్చమని ఎవరూ అనరు. కాబట్టి ఆ షరతు జూలై 1న లేదు, తర్వాత పుట్టింది.

అమ్మాయి వైపు కూడా ఒక లోపముంది. ‘చేర్చడం’ అంటే ఏమిటో ఆ రోజు ఎవరూ తేల్చలేదు. సంతకం పెడితే చేరినట్టా, డబ్బు కడితే చేరినట్టా, నెలాఖరుకి ఉంటేనా? మానేసిన రెండింటినీ లెక్కలోంచి తీసేయమని మేనేజరు అడిగితే అది మొదటి మాటకి ఒక అర్థం చెప్పడమే, జరపడం కాదు. తీసేసినా 21 మిగులుతాయి కాబట్టి ఆమె ఆ రెండింటినీ వదిలేసుకోవడమే తెలివైన పని. బలహీనమైన రెండింటి కోసం పట్టుబడితే వాదన అక్కడే తిరుగుతుంది, గట్టి 21 వెనక్కి పోతాయి.

మేనేజరు మోసగాడే కానక్కర్లేదు. జూలైలో ఆయన నోటితో చెప్పింది 20 అన్న అంకె, మనసులో ఆశించింది పెరిగిన రాబడి. అంకె వచ్చినా రాబడి అంతగా రాకపోతే, తను అడిగింది రాబడే అని ఆయనకి నిజంగానే గుర్తుంటుంది. లేదా జీతం పెంచే అధికారం లేకుండా మాట ఇచ్చి, పైనుంచి ఒప్పుకోకపోతే ఆ సంగతి చెప్పలేక షరతు వెతుకుతుండవచ్చు. ఆయన మనసులో ఏముందో తేల్చే పని ఆమెది కాదు. ఆమె చేయాల్సింది పాత షరతు తీరిందని ఒప్పించడం.

ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, కొత్త షరతు మీద వెంటనే వాదనకి దిగడం. “సార్, నా షాపుల్లో చాలావరకు నిలబడతాయండి” అన్న క్షణమే మూడు నెలల షరతుని ఆమె ఒప్పేసుకున్నట్టు. రెండో పొరపాటు “మీరు మాట మారుస్తున్నారు” అనడం. అప్పుడు చర్చ షాపుల మీంచి ఆయన గౌరవం మీదికి పోతుంది, ఇక తిరిగి రాదు. పాతదాన్ని ముందు మూసి, కొత్తదాన్ని కొత్తదిగా పక్కన పెట్టాలి. మాటల్లో అడిగాక అదే రోజు రాసి పంపాలి కూడా. ఇలా రాస్తే చాలు:

“సార్, జూలై 1న మీరు చెప్పింది సెప్టెంబరు 30లోగా 20 షాపులు. 23 చేరాయి, రెండు మానేశాయి, 21 నడుస్తున్నాయి. జాబితా జతచేశాను. ఆ లక్ష్యం పూర్తయినట్టేనా, దయచేసి చెప్పండి. మూడు నెలలు నిలబడాలన్నది ఇప్పుడు కొత్తగా అనుకుంటున్నాం కాబట్టి, కావాలంటే అక్టోబరు నుంచి చేరేవాటికి ఆ లెక్క పెట్టుకుందామండి. దానికి ప్రతిఫలం ఏమిటో కూడా అనుకుందాం.”

ఇందులో నిందలేదు. ఒక్క ప్రశ్నకి అవునో కాదో చెప్పక తప్పని పరిస్థితి మాత్రం ఉంది. ఆయన “లక్ష్యం పూర్తయింది, కానీ డబ్బు లేదు” అంటే అది వేరే సమస్య, నిజమైన సమస్య; రెండు నెలల తర్వాత పెంచమని గడువు అడగొచ్చు. అవునో కాదో చెప్పకుండా మళ్లీ ఇంకో షరతు తెస్తే, “ఇది కాక ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి సార్, అన్నీ కలిపి రాసుకుంటాను” అనాలి. అలా రాసుకున్నవి తీరాక కూడా మూడో మెలిక పడితే, జవాబు మొదటినుంచీ ‘కాదు’ అనే లెక్క. ఈ పద్ధతికి హద్దు అక్కడే: జీతం ఇప్పించలేదు గానీ, ఇంకో మూడు నెలలు ఊరికే తిరగకుండా ఆపుతుంది.

అన్నిటికంటే చవకైన మందు మొదటి రోజే ఉంది. జూలై 1న ఒక సందేశం: ఏది లెక్క, ఎన్ని, ఎప్పటికి, ఎవరు చూసి సరే అంటారు. “డబ్బు కట్టి, సెప్టెంబరు 30న వాడుతూ ఉన్న షాపులు 20, చూసేది మీరు” అని పంపి ఉంటే సగం గొడవ పుట్టేదే కాదు. ‘బాగా చెయ్యి’, ‘సంతృప్తికరంగా ఉండాలి’ లాంటి మాటలు కనబడితే అక్కడే ఆగి అంకె అడగాలి. ఇవి ఇసుకలో పెట్టిన చెప్పులు.

పోస్టు ఎప్పుడూ ఎదుటివారికి కష్టమయ్యేలాగే జరగదు. తమ గోలు తేలికయ్యేలా వెడల్పు చేసుకునేవారూ ఉంటారు. అభ్యాసంలో అలాంటిది ఒకటి ఉంది, పట్టుకోండి. ఇంకొకటి, వచ్చే సంవత్సరానికి పెద్ద లక్ష్యం పెట్టడం జరపడం కాదు. ఆట ముగిసి, గెలిచినవారికి ఇవ్వాల్సింది ఇచ్చాక కొత్త ఆటకి కొత్త కొలత ఎవరైనా పెట్టుకోవచ్చు.

అభ్యాసం. కింది మూడింట్లో ఏది గోల్‌పోస్టు జరపడం, ఏది కాదు, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.

1. లెక్కల్లో 90 వస్తే సైకిలు కొంటానని తండ్రి అన్నాడు. 91 వచ్చింది. “మరి సైన్సులో ఎంత?” అన్నాడు.

2. బ్లౌజు సగం కుట్టాక చేతులు పొడుగు పెట్టమంది ఒకావిడ. “ముందు చెప్పింది పొట్టి చేతులే, నాదే మార్పు. అదనంగా ఎంతవుతుంది?” అని టైలర్‌ని అడిగింది.

3. సంక్రాంతికల్లా వీధి కాలువ పూర్తిచేస్తామన్నాడు కాంట్రాక్టరు. పండగనాటికి గొయ్యి మాత్రమే ఉంది. “పూర్తంటే తవ్వకం పూర్తి అని అర్థమండీ” అన్నాడు.

జవాబులు వచ్చే పాఠం మొదట్లో. రాసేటప్పుడు ప్రతిదానికీ మొదటి షరతు ఏమిటో ఒక వాక్యంలో ముందు రాసుకోండి. అది రాయలేకపోతే జరిగిందో లేదో తేల్చడం కుదరదు.