కరోసెల్ మొదటి స్లైడ్‌లో ఫీచర్ పేరు వద్దు

వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీకి కరోసెల్, అంటే స్లైడ్లు పక్కకి జరుపుతూ చదివే పోస్ట్, రాస్తున్నారా? అయితే మొదటి స్లైడ్‌లో ‘ఆఫ్‌లైన్ సింక్’ అని పెట్టకండి, ఆ మాట మన డెవలపర్లకే ముద్దు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారికి తెలిసింది వేరే: టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి, కాటా అయింది, రైతు ఎదురుగా నిలబడ్డాడు, నెట్ పోయింది. నేనైతే ఇలా రాస్తా.

మొదటిది: ‘నెట్ పోయింది. 40 టిక్కీల బిల్లు ఎలా?’
రెండోది: ‘చీటీ మీద రాసి సాయంత్రం ఎక్కిస్తే, ఒక్క అంకె తేడాకి రాత్రంతా లెక్కలే.’
మూడోది: ‘ఇందులో బిల్లు మీ కంప్యూటర్‌లోనే సేవ్ అవుతుంది, నెట్ రాగానే దానంతటదే సర్వర్‌కి వెళ్తుంది.’

నాలుగోదే చాలామంది ఎగ్గొట్టేది: ‘నెట్ వచ్చేదాకా ఈ బిల్లు మీ రెండో షాపులో కనిపించదు.’ ఇది దాచితే డెమోలో బాగానే గడిచిపోతుంది గానీ, కొన్న వారానికే ఒకే సరుకు రెండు చోట్లా అమ్మేసి, ఫోన్ మీకే చేస్తారు.

పోస్ట్ చేసే ముందు ఫోన్లో తెరిచి, కంప్యూటర్‌తో పెద్దగా పనిలేని గుమస్తా ఎవరికైనా చూపించి, ఏం అర్థమైందో ఆయన మాటల్లో చెప్పమనండి. ‘సర్వర్ అంటే?’ అన్నాడా, మూడో స్లైడ్‌లో ఆ మాట తీసేసి ‘నెట్ రాగానే మిగతా చోట్లకీ వెళ్తుంది’ అని మార్చేయండి.