టవర్ ఎత్తు లెక్క తప్పుతోందా? ఎక్కడ తప్పిందో తేడానే చెబుతుంది

పదో తరగతి పుస్తకంలో ఈ లెక్క రెండు వరుసల్లో తేలిపోతుంది. టవర్ పాదం నుంచి మనం నిలబడ్డ చోటికి దూరం తెలుసు, ఊర్ధ్వ కోణం తెలుసు. లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే టాంజెంట్ వస్తుంది కాబట్టి, దూరాన్ని tan తో గుణిస్తే ఎత్తు. అదే లెక్కను టేపు, కోణమానిని పట్టుకుని బయట చేస్తే మాత్రం జవాబు తేడాగా వస్తుంది. ఎంత తేడా వచ్చింది, చోటు మారిస్తే ఆ తేడా మారుతోందా లేదా అన్నది గమనిస్తే కారణం దాదాపు తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఊరి చివర నాలుగు కాళ్ల సెల్ టవర్ ఉంది, దాని ఎత్తు 40 మీటర్లని ముందే తెలుసు. నేల చదునుగా ఉంది. టవర్ నడి మధ్య నుంచి 50 మీటర్ల దూరంలో నిలబడ్డాం. కంటి ఎత్తు 1.5 మీటర్లు. కోణమానినికి దారం, దానికి బరువు కట్టి తయారుచేసిన క్లినోమీటర్‌తో చూస్తే శిఖరం 37.5 డిగ్రీల ఊర్ధ్వ కోణంలో కనిపించాలి. tan 37.5° = 0.7673. దాన్ని 50తో గుణిస్తే 38.4, కంటి ఎత్తు కలిపితే 39.9 మీటర్లు. అర డిగ్రీ వరకే చదవగలిగే పరికరానికి ఇది మంచి జవాబు.

సమస్య: ఎత్తు 66 మీటర్లకు పైనే వచ్చింది

కారణం: దారం చూపించిన అంకెనే కోణంగా రాసేశారు. కోణమానినిని తలకిందులుగా పట్టుకుని దాని సరళ అంచు వెంబడి చూస్తాం. చూపు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు దారం 90 మీద ఉంటుంది. చూపు పైకి ఎత్తేకొద్దీ దారం 90 నుంచి పక్కకు జరుగుతుంది. మన ఉదాహరణలో అది 52.5 దగ్గర ఆగుతుంది. కావలసిన కోణం 90 లోంచి 52.5 తీసేయగా మిగిలిన 37.5.

పరిష్కారం: 90 లోంచి తీసేయడమే. లెక్క మొదలుపెట్టకముందే ఈ తప్పు పట్టుకోవచ్చు. 45 డిగ్రీల దగ్గర tan విలువ 1. అంటే కోణం 45 కన్నా తక్కువైతే, కంటి మట్టం నుంచి శిఖరం దాకా ఉన్న ఎత్తు మన దూరం కన్నా తక్కువే ఉండాలి. మెడ అంతగా ఎత్తకుండానే శిఖరం కనిపిస్తున్నప్పుడు, 50 మీటర్ల దూరానికి 66 మీటర్ల ఎత్తు రావడం కుదరదు.

సమస్య: జవాబు మైనస్‌లో వచ్చింది, లేదా 35 మీటర్లే వచ్చింది

కారణం: కాలిక్యులేటర్ డిగ్రీల్లో లేదు. రేడియన్లలో ఉంటే tan 37.5 విలువ సుమారు -0.20 అని చూపిస్తుంది. ఎత్తు మైనస్‌లో రాగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. అసలు ప్రమాదం గ్రేడియన్లతో, కొన్ని కాలిక్యులేటర్లలో అది GRAD అని కనిపిస్తుంది. అందులో tan 37.5 అంటే 0.668 వస్తుంది, కంటి ఎత్తు కలిపాక జవాబు 34.9 మీటర్లు. చూడటానికి నమ్మేలా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

పరిష్కారం: ముందు tan 45 కొట్టండి. సరిగ్గా 1 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు. 1.62 వస్తే రేడియన్లు, 0.854 వస్తే గ్రేడియన్లు. ఎక్సెల్ షీట్‌లో అయితే కోణాన్ని మార్చి ఇవ్వాలి:

```
=50*TAN(RADIANS(37.5))+1.5
```

సమస్య: ఎక్కడి నుంచి చూసినా మీటరున్నర తక్కువ వస్తోంది

కంటి ఎత్తు కలపలేదు. త్రిభుజం మొదలయ్యేది నేల మీద కాదు, మన కంటి దగ్గర. చోటు మార్చినా లోటు మారకపోతే ఇదే కారణం. చూసేవాళ్ల ఎత్తు కాకుండా, నేల నుంచి కంటి దాకా కొలిచి కలపండి.

సమస్య: కంటి ఎత్తు కలిపినా తక్కువే, పైగా చోటు మారిస్తే లోటు మారుతోంది

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. దీనికి కారణాలు రెండు. వాటిని వేరు చేయాలంటే దగ్గర, మధ్య, దూరం అని మూడు చోట్ల నుంచి కొలవాలి.

మొదటిది, టేపును టవర్ కాలి దాకానే పట్టడం. శిఖరం నుంచి నిట్టనిలువుగా దారం వదిలితే అది నాలుగు కాళ్ల నడుమ పడుతుంది, ముందరి కాలి దగ్గర కాదు. అడుగున టవర్ వెడల్పు 4 మీటర్లయితే మన దూరంలో 2 మీటర్లు తగ్గిపోయినట్టు. అసలు దూరం 50 అయినప్పుడు 48తో లెక్క కడితే 38.5 మీటర్లు కూడా రాదు. లోటు ఇలా మారుతుంది: 30 మీటర్ల దగ్గర 2.6, 50 దగ్గర 1.5, 80 దగ్గర ఒక మీటరు. దూరం జరిగేకొద్దీ తగ్గుతూ పోతుంది.

రెండోది, క్లినోమీటర్‌లోనే తేడా. దారం కట్టిన చోటు కోణమానిని కేంద్రంలో లేకపోయినా, చూసే గొట్టం అంచుకు సమంగా అతకకపోయినా ప్రతి కొలతా ఒక డిగ్రీ తక్కువ చూపించవచ్చు. అప్పుడు లోటు 30 దగ్గర 1.4, 50 దగ్గర కూడా 1.4, 80 దగ్గర 1.7. దూరం జరిగితే ఇది తగ్గదు, పెరుగుతుంది. ఈ ఒక్క తేడాతో రెండు కారణాలూ విడిపోతాయి.

మొదటిదానికి పరిష్కారం: టవర్ చుట్టూ కంచె ఉంటుంది కాబట్టి నడిమధ్యకి టేపు వెళ్లదు, లోపలికి దూరే ప్రయత్నం చేయవద్దు. టవర్ ఒక ముఖానికి ఎదురుగా నిలబడి, అక్కడి నుంచి టేపును కంచె పక్కగా, చూపు దిశకు సమాంతరంగా పరుచుకుంటూ వెళ్లండి. టవర్ మధ్యభాగం సరిగ్గా మీ పక్కకు వచ్చిన చోట టేపు మీద ఉన్న అంకే మీ దూరం. ఇందుకోసం మొదట నిలబడే చోటును కంచె అడ్డం రాకుండా కాస్త పక్కకు ఎంచుకోవాల్సి వస్తే, ఆ పక్కకు జరిగిన కొద్దిపాటి దూరం 50 మీటర్ల మీద పెద్ద తేడా తీసుకురాదు.

రెండోదానికి తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల పైపు చాలు. పైపు ఒక కొసలో నీటి మట్టాన్ని మీ కంటి ఎత్తుకు తెచ్చుకుని, రెండో కొసలో నీళ్లు నిలిచిన చోట ఎదుటి గోడ మీద గీత పెట్టండి. క్లినోమీటర్‌తో ఆ గీతను చూస్తే దారం 90 మీదే ఉండాలి. 89 చూపిస్తే ఒక డిగ్రీ ఎక్కువ చదువుతోంది, 91 చూపిస్తే తక్కువ. ఆ డిగ్రీని ప్రతి కొలతలోనూ సరిచేసుకోవాలి.

పరికరం బాగున్నా చేయి వణకడం వల్ల కొంత తేడా ఉంటుంది. అది అన్నిటికన్నా తక్కువ దెబ్బ కొట్టేది కోణం 45 డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు. మన టవర్‌కైతే 38, 39 మీటర్ల దూరం. అక్కడ ఒక డిగ్రీకి ఎత్తులో 1.3 మీటర్ల తేడా వస్తే, 100 మీటర్ల నుంచి చూస్తే 2 మీటర్లు వస్తుంది.

సమస్య: అన్నీ సరిచూసుకున్నా ఎక్కువో తక్కువో వస్తోంది, నేల ఏటవాలుగా ఉంది

టవర్ పాదం మీ కాళ్ల కన్నా ఎత్తులో ఉంటే, 1.5 మీటర్లు కలిపినప్పుడు ఎక్కువ కలిపినట్టే. పల్లంలో ఉంటే తక్కువ కలిపినట్టు. ఇక్కడ కంటి ఎత్తును పక్కన పెట్టి, పాదాన్ని కూడా క్లినోమీటర్‌తో చూసి నిమ్న కోణం తీసుకోండి. శిఖరం కోణపు tan, పాదం కోణపు tan కలిపి దూరంతో గుణిస్తే టవర్ మొత్తం ఎత్తు వస్తుంది. పాదం కంటి మట్టం కన్నా పైన ఉంటే కలపడం బదులు తీసేయాలి. దూరం మాత్రం వాలు వెంబడి కాకుండా, టేపును మట్టంగా పట్టి ముక్కలు ముక్కలుగా కొలవాలి.