థైరాయిడ్ ఎక్కువైంది అన్నారా? గ్రేవ్స్ జబ్బా, థైరాయిడైటిసా తేల్చుకోవడం ఎలా

థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ బాగా తగ్గి, థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 పెరిగిన రిపోర్ట్ చేతికి రాగానే చాలామంది ఏ మాత్ర వాడాలని అడుగుతారు. అంతకన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. పిండి మర ఆపకుండా తిరుగుతోందా, లేక నిల్వ ఉన్న బస్తా చిరిగి పిండి కారుతోందా? గ్రేవ్స్ జబ్బులో మన రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను రెచ్చగొట్టి అదే పనిగా హార్మోన్ తయారు చేయిస్తుంది. థైరాయిడైటిస్‌లో గ్రంథి వాచి, దాచుకున్న హార్మోన్‌ను రక్తంలోకి వదిలేస్తుంది. రక్తపరీక్షలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

మొదట చేయాల్సింది, జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నారేమో చూసుకోవడం. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అవి లేని జబ్బును ఉన్నట్టు చూపిస్తాయి. కనీసం రెండు రోజులు మానేసి పరీక్ష మళ్లీ చేయించండి.

తర్వాత ఎప్పటి నుంచి దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉన్నాయో తేదీలతో రాసుకోండి. కారిపోయే నిల్వకు ఒక హద్దు ఉంటుంది కాబట్టి థైరాయిడైటిస్ దడ సాధారణంగా మూడు నెలలు దాటదు. జ్వరం వచ్చి తగ్గాక మెడ ముందు నొప్పి మొదలై దవడ, చెవి దాకా పాకితే, ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్ రక్తపరీక్ష కూడా బాగా పెరిగితే థైరాయిడైటిస్ వైపు మొగ్గుతాం. కాన్పయిన ఏడాదిలోపు నొప్పి లేకుండా కూడా అది రావచ్చు.

ఇక కళ్లు. పైరెప్ప పైకి లాగినట్టు ఉండి గుడ్లురిమినట్టు చూడటం, ఏ కారణంతో హార్మోన్ పెరిగినా కనిపించవచ్చు. దాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. కనుగుడ్డు ముందుకు రావడం, రెప్పలు ఉబ్బి ఎర్రబడటం, ఒకటి రెండుగా కనిపించడం మాత్రం గ్రేవ్స్ గుర్తులు. రెండేళ్ల కిందటి ఫోటో ఒకటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రోజూ అద్దంలో చూసుకునే ముఖంలో మార్పు మనకు తెలియదు.

థైరాయిడ్ స్కాన్‌కు, గ్రంథి లోపలికి తీసుకునే టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని సూదితో వేసి, సుమారు ఇరవై నిమిషాల తర్వాత మెడను చిత్రిస్తారు. గ్రేవ్స్‌లో థైరాయిడ్ రెండు వైపులా నిండుగా, నల్లగా కనిపిస్తుంది. థైరాయిడైటిస్‌లో మెడ ఖాళీగా ఉండి, పైన లాలాజల గ్రంథులు మాత్రమే తేలతాయి. గర్భిణులకు ఈ స్కాన్ చేయరు. పాలిచ్చే తల్లి ముందే చెప్పాలి. వీళ్లకు టీఆర్ఏబీ అనే యాంటీబాడీ రక్తపరీక్షతో తేల్చుకోవచ్చు.

అయితే ఖాళీ మెడను గుడ్డిగా నమ్మకూడదు. ఒక ఉదాహరణ చూద్దాం. 36 ఏళ్ల మహిళ, నాలుగు నెలలుగా దడ, ఆరు కిలోలు తగ్గారు. టీఎస్‌హెచ్ 0.01 కన్నా తక్కువ, ఫ్రీ టీ4 3.6 (పై హద్దు సుమారు 1.8). స్కాన్‌లో థైరాయిడ్ కనిపించలేదు కాబట్టి థైరాయిడైటిస్ అని రాశారు. కానీ నాలుగు నెలలంటే థైరాయిడైటిస్‌కు మరీ ఎక్కువ. పైగా రెప్పలు ఉబ్బి ఉన్నాయి. గుచ్చి అడిగితే, మూడు వారాల కిందట కడుపునొప్పికి కాంట్రాస్ట్ సూదితో సీటీ తీశారని తెలిసింది. ఆ సూదిలోని అయోడిన్‌తో గ్రంథి నిండిపోతే టెక్నీషియంను కూడా లోపలికి తీసుకోదు. టీఆర్ఏబీ చేయిస్తే పాజిటివ్, అంటే గ్రేవ్స్. అందుకే స్కాన్‌కు వెళ్లేముందు గత రెండు నెలల్లో కాంట్రాస్ట్ సీటీ, యాంజియోగ్రామ్ లాంటివి జరిగాయా అన్నది తప్పక చెప్పాలి. గుండెకు అమియోడరోన్ వాడేవాళ్లు అదీ చెప్పాలి, అందులోనూ అయోడిన్ ఉంటుంది.

మందు దగ్గర ఈ తేడా అంతా తేలుతుంది. కార్బిమజోల్ మాత్ర చేసేది మరను ఆపడం, అంటే హార్మోన్ తయారీని ఆపడం. బస్తా చిరిగినప్పుడు మర ఆపి లాభం లేదు. అందుకే థైరాయిడైటిస్‌కు అది ఇవ్వరు. దడకు ప్రొప్రనొలోల్ (ఉబ్బసం ఉంటే కుదరదు), నొప్పికి మందు చాలు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి పరీక్ష చేయించాలి, ఎందుకంటే తర్వాత కొన్నాళ్లు హార్మోన్ తగ్గిపోవచ్చు.

గ్రేవ్స్ అయితే కార్బిమజోల్‌ను సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడతారు. గర్భం తొలి మూడు నెలల్లో బిడ్డకు లోపాలు వచ్చే ప్రమాదం ఉన్నందున బదులుగా పీటీయూ అనే మరో మాత్ర ఇస్తారు. అది కాలేయాన్ని దెబ్బతీయగలదు కనుక మిగతావారికి మొదటి ఎంపిక కాదు. పిల్లల కోసం చూస్తుంటే నెల తప్పకముందే డాక్టర్‌తో మాట్లాడండి.

కార్బిమజోల్, పీటీయూలలో ఏది వాడుతున్నా జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే మాత్ర ఆపేసి అదే రోజు రక్తకణాల లెక్క చూసే సీబీసీ పరీక్ష చేయించండి. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవడం అరుదే, కానీ ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే వెళ్లాలి.