పాత సేల్ డీడ్ అప్‌లోడ్: పీడీఎఫ్ చేసే ముందు స్కానర్‌లో ఏ డీపీఐ, ఏ కలర్ మోడ్ పెట్టాలి

మ్యుటేషన్ దరఖాస్తుకు పాత రిజిస్టర్డ్ సేల్ డీడ్ జత చేయాలి, పోర్టల్ 1 ఎంబీ దాటనివ్వడం లేదు అనుకుందాం. స్టాంపు కాగితాలు మూడు. మొదటి రెండింటి వెనక సబ్ రిజిస్ట్రార్ ఎండార్స్‌మెంట్, సీళ్లు, వేలిముద్రలు ఉన్నాయి. అంటే స్కాన్ చేయాల్సినవి మూడు కాదు, ఐదు పేజీలు. వెనక పేజీలు వదిలేస్తే డీడ్ రిజిస్టర్ అయిన ఆధారమే ఫైల్లో ఉండదు.

ముందు లెక్క చూసుకోండి. 1 ఎంబీని ఐదుతో భాగిస్తే పేజీకి సగటున 200 కేబీ. అన్ని పేజీలకూ ఒకే సెట్టింగ్ పెడితే ఇందులో ఇమడటం కష్టం. ఏ పేజీలో ఏముందో చూసి సెట్టింగ్ మార్చాలి.

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్నది. దాన్ని రెట్టింపు చేస్తే పొడవూ వెడల్పూ రెండూ పెరిగి మొత్తం చుక్కలు నాలుగింతలవుతాయి. ఏ4 పేజీ 300 డీపీఐలో సుమారు 87 లక్షల చుక్కలు, 600లో దాదాపు మూడున్నర కోట్లు. టైపు చేసిన కాగితానికి 600 వల్ల ఒరిగేదేమీ లేదు.

మరీ తగ్గించినా చిక్కే. 10 పాయింట్ల అక్షరానికి 200 డీపీఐలో నిలువున 28 చుక్కలు దొరుకుతాయి, 100లో 14 మాత్రమే. తెలుగులో వత్తులు అక్షరంలో సగమే ఉంటాయి కాబట్టి వాటికి ఏడు చుక్కలు మిగులుతాయి. ‘ద’కీ ‘ధ’కీ తేడా కింద ఉన్న చిన్న గీత, ‘థ’కి లోపలి చుక్క. 100 డీపీఐలో ముందు చెరిగిపోయేవి ఇవే. పేరులో ‘ధ’ కాస్తా ‘ద’గా కనబడితే ఆధార్‌తో పేరు కలవలేదని దరఖాస్తు వెనక్కి రావచ్చు. అందుకే తెలుగు పత్రాలకు 200 కంటే దిగవద్దు.

ఇక కలర్ మోడ్. చాలామంది గ్రేస్కేల్ పెడితే ఫైలు మూడో వంతవుతుందనుకుంటారు. కుదించక ముందు అది నిజమే. జేపీజీగా కుదించాక మాత్రం రంగు సమాచారం చాలా తక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఆదా అంత ఉండదు. అసలు ఆదా బ్లాక్ అండ్ వైట్‌లో ఉంది. అందులో ప్రతి చుక్కా నలుపో తెలుపో, మధ్యలో ఏదీ లేదు. కుదించే పద్ధతీ వేరు. 300 డీపీఐలో కూడా శుభ్రమైన టైపు పేజీ 100 కేబీ లోపే వస్తుంది.

అయితే లేత ఊదా సీలు, వెలిసిన సిరా అందులో తెల్లగా మాయమవుతాయి. వేలిముద్ర గీతలు కలిసిపోయి నల్లటి మచ్చ అవుతుంది. కాగితం పచ్చబడి మరకలుంటే పేజీ అంతా పొడి చల్లినట్టు చుక్కలు పడతాయి, వాటితో ఫైలు కూడా పెరుగుతుంది. అలాంటి పేజీని గ్రేస్కేల్‌లోనే తీయండి.

మన డీడ్‌కి ఈ సెట్టింగులు సరిపోతాయి. మొదటి కాగితం వెనక సీలు సంతకం మీద పడింది. రంగు ఉంటేనే రెండూ విడిగా తెలుస్తాయి కాబట్టి కలర్ 200, సుమారు 300 కేబీ. మొదటి కాగితం ముందు పేజీలో స్టాంపు ముద్రణ ఉంది, రెండోదాని వెనక వేలిముద్రలున్నాయి. ఈ రెండూ గ్రేస్కేల్ 200, ఒక్కొక్కటి 220 కేబీ. మిగిలిన రెండు టైపు పేజీలు బ్లాక్ అండ్ వైట్ 300, ఒక్కొక్కటి 70 కేబీ. మొత్తం 880 కేబీ. మీ కాగితాన్ని బట్టి అంకెలు కాస్త మారతాయి, పరిమితికి కొంచెం ఖాళీ ఉంచుకోవడం మంచిది.

వెనకవైపు రాత ఇవతలికి కనిపిస్తుంటే స్కాన్ చేసేటప్పుడు కాగితం వెనక నల్ల చార్టు పెట్టండి. ఆ నీడలు చాలావరకు పోతాయి.

పేజీలను ఒక్కొక్కటిగా పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఆ తర్వాత కలపండి. కలిపాక మళ్లీ ప్రింట్ టు పీడీఎఫ్ చేయకండి, పేజీలు కొత్తగా తయారై మీరు పెట్టిన సెట్టింగులు పోవచ్చు. లినక్స్‌లో పాప్లర్ టూల్స్ ఉంటే ఇలా:

```
pdfunite p1.pdf p2.pdf p3.pdf p4.pdf p5.pdf deed.pdf
pdfimages -list deed.pdf
```

రెండో కమాండ్ ప్రతి పేజీ డీపీఐ, సైజు చూపిస్తుంది. `enc` గడిలో టైపు పేజీలకు `ccitt` లేదా `jbig2` ఉండాలి. `jpeg` అని ఉంటే అది నిజమైన బ్లాక్ అండ్ వైట్ కాదు. ఫోన్ యాప్‌ల్లోని బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్లలో చాలాసార్లు జరిగేది ఇదే: బొమ్మ నల్లగా కనిపిస్తుంది, ఫైలు మాత్రం తగ్గదు.

సైజు ఎక్కువైతే ఆన్‌లైన్ కంప్రెసర్‌కి ఇవ్వకండి. అది అన్ని పేజీలనూ ఒకేలా తగ్గించి వత్తులను చెడగొడుతుంది, పైగా మీ ఆస్తి పత్రం ఎవరి సర్వర్‌కో వెళుతుంది. బరువున్న పేజీ ఏదో చూసి దాన్ని ఒక్కదాన్నే మళ్లీ స్కాన్ చేయండి. అప్‌లోడ్‌కు ముందు సర్వే నంబరు, పేర్లు, డాక్యుమెంట్ నంబరు ఉన్న చోట్లను 200 శాతం జూమ్‌లో చదవండి. అసలు కాగితం చూడకుండా ఒక్క అంకె కూడా ఊహించాల్సి రాకూడదు.