అర్ధరాత్రి విమానం దిగి తెల్లవారకముందే హనుమకొండ చేరేవారు హోటల్‌కు దరఖాస్తు రాసే విధానం

వరంగల్‌కు విమానంలో వచ్చేవారికి శంషాబాదే దిక్కు. మామునూరులో పాత విమానాశ్రయం ఉంది కానీ దశాబ్దాలుగా అక్కడ ప్రయాణికుల విమానాలు లేవు. శంషాబాదులో దిగి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఘట్‌కేసర్ వరకు వచ్చి, భువనగిరి, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట మీదుగా హనుమకొండ చేరాలి. సుమారు 160 కిలోమీటర్ల దారి, రాత్రివేళ కారులో మూడు గంటల పైమాటే. సాయంత్రం దిగవలసిన విమానం అర్ధరాత్రి దాటి దిగితే, ప్రయాణికులు హోటల్ గుమ్మం చేరేది తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటలకు. నిన్నటి అతిథులు ఇంకా నిద్ర లేవరు, ఇవాళ్టి గదులు ఇంకా తయారు కావు.

హనుమకొండలో ఒక హోటల్ కౌంటర్‌లో కొన్నేళ్లు రాత్రి డ్యూటీ చేశాను. ఆ వేళకు పసిపిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చి సోఫాల మీద ఒరిగిపోయిన కుటుంబాలను చూసి బాధపడిన రోజులు చాలా ఉన్నాయి. వారిలో ఎక్కువ మంది ముందుగా ఏమీ రాయలేదు. రాసిన కొందరు రాయవలసినది రాయలేదు.

మొదట తేల్చుకోవలసినది తేదీ

పోయిన కార్తీకంలో మా పిన్ని కొడుకు ఢిల్లీ నుంచి ఫోను చేశాడు. హనుమకొండలో బంధువుల పెళ్లి. విమానం 14వ తేదీ సాయంత్రం ఏడున్నరకు శంషాబాదులో దిగాలి. ఆ రాత్రి ఉప్పల్‌లో స్నేహితుడి ఇంట్లో ఉండి, 15 ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి హనుమకొండ చేరాలన్నది వాళ్ల ఏర్పాటు. హోటల్‌లో 15 నుంచి 17 వరకు గది తీసుకున్నారు. విమానం అర్ధరాత్రి దాటాక 12.40కి దిగుతుందని విమాన సంస్థ సందేశం పంపింది. స్నేహితుడి ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పిన్నికి మోకాలి ఆపరేషన్ జరిగి నాలుగు నెలలే అయింది. నేరుగా హనుమకొండ వచ్చేయడమే మేలనుకున్నారు.

"అన్నా, ఎర్లీ చెక్ ఇన్ కావాలని రాసేయనా?" అని అడిగాడు.

"ముందు బుకింగ్ కాగితంలో ఏ తేదీ ఉందో చదువు తమ్ముడూ" అన్నాను.

ఇది చాదస్తం కాదు. తెల్లవారుజామున ఐదుకు చేరే ఇద్దరు ప్రయాణికుల్లో ఒకరి బుకింగ్ 14 నుంచి, మరొకరిది 15 నుంచి ఉందనుకోండి. ఇద్దరూ ఒకే గడియకు దిగినా మొదటివారు ఆలస్యంగా వచ్చినవారు, రెండోవారు ముందుగా వచ్చినవారు. మొదటివారి గది రాత్రంతా వారి పేరునే ఉండాలి, దానికి అదనపు సొమ్ము ఏమీ లేదు. అయితే హోటళ్లు అర్ధరాత్రి దాటాక ఆ రోజు లెక్కలు మూసేస్తాయి. దాన్ని నైట్ ఆడిట్ అంటారు. అప్పటికి రాని అతిథిని, ఆలస్యమవుతుందని ముందుగా చెప్పకపోతే, నో షోగా రాసి బుకింగ్ రద్దు చేయవచ్చు. కాబట్టి 14 నుంచి బుకింగ్ ఉన్నవారు "నా గదిని రద్దు చేయకండి, 15 తెల్లవారుజామున ఐదు గంటలకు వస్తున్నాను" అని రాయాలి. ముందస్తు ప్రవేశం కావాలని రాస్తే కౌంటర్‌లోని మనిషి వారు 15 అతిథులనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు ఒక రాత్రి అద్దె పోతుంది, పైగా ముందుగా వచ్చినందుకు మళ్లీ కట్టవలసి వస్తుంది. అలా జరగడం నేను కళ్లారా చూశాను.

మా తమ్ముడి బుకింగ్ 15 నుంచి. అందువల్ల అతనికి కావలసింది నిజంగానే ముందస్తు ప్రవేశం.

ఇందులో మన భాష తెచ్చే చిక్కు కూడా ఒకటుంది. సూర్యోదయంతో రోజు మారే లెక్క మన పెద్దలది. వాళ్లు తెల్లవారుజాము నాలుగున్నరను "14 రాత్రి నాలుగున్నర" అనే అంటారు. హోటల్ కంప్యూటర్‌కు అది 15. శుభలేఖల్లో ముహూర్తం కింద "తెల్లవారితే ఆదివారం" అని వేసేది ఈ తికమక రాకుండానే. దరఖాస్తులోనూ అదే పద్ధతి పాటించండి. "14 రాత్రి, తెల్లవారితే 15వ తేదీ, ఉదయం 5 గంటలకు" అని పూర్తిగా రాయండి. "రేపు పొద్దున్న" అని మాత్రం రాయకండి. ఆ సందేశాన్ని కౌంటర్‌లో రాత్రి పదకొండుకు చదివితే ఒక అర్థం, ఒంటిగంటకు చదివితే మరో అర్థం.

హోటల్ పద్ధతి ఏది?

మన వైపు రెండు పద్ధతులున్నాయి. చాలా లాడ్జీల్లో 24 గంటల లెక్క, అంటే ఏ గంటకు దిగితే మర్నాడు ఆ గంటకే ఖాళీ చేయాలి. అక్కడ ముందస్తు ప్రవేశమనే ప్రశ్నే లేదు, గది ఖాళీగా ఉందా లేదా అన్నదొక్కటే విషయం. కానీ తెల్లవారుజామున ఐదుకు దిగితే చివరి రోజు ఐదుకే లేచి వెళ్లాలన్నది మరవకండి. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం 12కో ఒంటిగంటకో రెండుకో గది ఇచ్చే స్థిర వేళ ఉంటుంది. ఈ దరఖాస్తు అవసరమయ్యేది అక్కడ.

స్థిర వేళ ఉన్న హోటల్‌లో తెల్లవారుజామున గది దొరకాలంటే, అది క్రితం రాత్రి ఎవరికీ ఇవ్వనిదై, శుభ్రం చేసి సిద్ధంగా ఉన్నదై ఉండాలి. రాత్రి శుభ్రపరిచే సిబ్బంది ఒకరిద్దరే ఉంటారు. అందుకే సందేశం రాత్రి తొమ్మిదిలోపు చేరితే, సాయంత్రం ఖాళీ అయిన ఒక గదిని తుడిపించి పక్కన పెట్టే వీలుంటుంది. అర్ధరాత్రి తర్వాత చేరితే ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి. విమానం వేళ మారిందని తెలిసిన పది నిమిషాల్లో రాయండి, విమానం దిగాక కాదు.

గది మార్పును ఎలా అడగాలి

తమ్ముడికి కేటాయించినది మూడో అంతస్తులో, ఫంక్షన్ హాలు వైపున్న గది. చాలా హోటళ్లలో అతిథి రాకముందు గది నంబరు బుకింగ్ మీద వేసిన గుర్తు మాత్రమే, ఒక్క నిమిషంలో మార్చవచ్చు. లోపలికి వెళ్లి మంచం వాడాక మార్చమంటే రెండు గదులు శుభ్రం చేయాలి. కాబట్టి మార్పు కూడా ఈ దరఖాస్తులోనే అడగాలి.

అదే అద్దె తరగతిలో మరో గది అడిగితే సాధారణంగా అదనంగా తీసుకోరు. పై తరగతి అయితే తేడా కట్టాలి. "మంచి గది ఇవ్వండి" అంటే కౌంటర్‌కు ఏమీ అర్థం కాదు. లిఫ్టు పక్కన, వెస్టర్న్ టాయిలెట్, విడివిడి మంచాలు, హాలుకు దూరం అని రాస్తే వెతకగలరు. అవన్నీ తప్పనిసరి కాకపోతే ఏవి తప్పనిసరో, ఏవి వీలుంటేనో కూడా చెప్పాలి.

చాలా మంది తడబడేది మరొకటుంది. ముందస్తు ప్రవేశం, గది మార్పు రెండూ కలిపి అడిగినప్పుడు, ఐదు గంటలకు సిద్ధంగా ఉన్న రెండు మూడు గదుల్లో మీరు కోరినది లేకపోవచ్చు. అప్పుడు ఏది ముందో మీరు చెప్పకపోతే, కోరిన గది సిద్ధం కాలేదని కూర్చోబెడతారు. సిద్ధంగా ఉన్నదేదైనా ముందు ఇచ్చి మధ్యాహ్నం మార్చమంటారా, కోరిన గది కోసం ఆగుతారా అన్నది రాసివ్వండి.

మేమిద్దరం ఫోనులో కూర్చి పంపిన దరఖాస్తు ఇది. పేర్లు, నంబర్లు తీసేశాను.

ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ గారికి,

విషయం: బుకింగ్ నంబరు (...) – 15వ తేదీ తెల్లవారుజామున గది ఇవ్వడం, గది మార్పు గురించి.

నమస్కారం. నా పేరున 15 నుంచి 17వ తేదీ వరకు ముగ్గురికి ఒక గది బుక్ అయింది. మేము వచ్చే విమానం (నంబరు ...) ఆలస్యమై శంషాబాదులో 14 అర్ధరాత్రి దాటాక 12.40కి దిగుతుంది. అక్కడి నుంచి నేరుగా కారులో బయలుదేరి 14 రాత్రి, తెల్లవారితే 15వ తేదీ, ఉదయం 4.30 – 5 గంటల మధ్య మీ హోటల్ చేరతాము. మీ నియమం ప్రకారం గది ఇచ్చే వేళ మధ్యాహ్నం 12 గంటలని తెలుసు. వీలైతే మేము చేరగానే గది ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. దానికి సగం రోజు అద్దె వరకు చెల్లించడానికి సిద్ధం.

మా అమ్మగారి వయసు 68. మోకాలి ఆపరేషన్ జరిగింది, మెట్లు ఎక్కలేరు. మాకు కేటాయించిన మూడో అంతస్తు గదికి బదులు అదే తరగతిలో లిఫ్టుకు దగ్గరగా, వెస్టర్న్ టాయిలెట్ ఉన్న గది కావాలి. ఈ రెండూ తప్పనిసరి. విడి మంచాలు, ఫంక్షన్ హాలుకు దూరం వీలుంటే చాలు. ఐదు గంటలకు అలాంటి గది సిద్ధంగా లేకపోతే, లిఫ్టు దగ్గర ఉన్న మరే గదైనా ముందు ఇచ్చి మధ్యాహ్నం మార్చినా సరే.

వీలవుతుందో లేదో, అదనంగా ఎంత చెల్లించాలో ఈ రాత్రి తొమ్మిదిలోపు ఈ నంబరుకు తెలియజేయగలరు. ముగ్గురి గుర్తింపు కార్డులు కౌంటర్‌లో చూపిస్తాము.

ఇట్లు,
(పేరు, ఫోను నంబరు)

పంపాక

ముందు ఫోను చేసి, ఏ నంబరుకు పంపాలో అడిగి, అక్కడికే వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పంపండి. సాయంత్రం డ్యూటీలో ఉన్నవారు రాత్రివారికి ఈ మాట అందించాలి. నోటితో చెప్పినది ఆ మార్పిడిలోనే పోతుంది. యాప్ ద్వారా బుక్ చేసుకున్నవారు ఆ యాప్ ఇచ్చిన నంబరు, హోటల్ నంబరు రెండూ రాయాలి. గది మార్పు హోటలే చేయగలదు, తేదీ మార్పుకు మాత్రం యాప్ వైపే వెళ్లమంటారు.

సొమ్ము విషయంలో ఎవరి నియమం వారిది. కొందరు రెండు మూడు గంటలు ముందైతే ఏమీ తీసుకోరు. తెల్లవారుజామున ఐదుకే గది కావాలంటే సగం అద్దె అడగడం మామూలే, పూర్తి అద్దె అడిగేవారూ ఉన్నారు. తమ్ముడి గది అద్దె రోజుకు 2,400 రూపాయలు. సగం రోజుకు 1,200, దాని మీద 5 శాతం జీఎస్టీ 60, మొత్తం 1,260. 14వ తేదీ రాత్రికి కూడా గది తీసుకుంటే 2,520 అయ్యేది. గది కచ్చితంగా దొరకాలంటే ఆ రెండో దారి ఒక్కటే. సగం అద్దెతో ఇచ్చేది వీలునుబట్టి ఇచ్చేదే. పెళ్లిళ్ల ముహూర్తాల రోజుల్లో, రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే మాఘమాసంలో వరంగల్, హనుమకొండ గదులు క్రితం రాత్రే నిండిపోతాయి. అప్పుడు వీలు మీద ఆధారపడవద్దు, పెద్దవాళ్లు వెంట ఉంటే క్రితం రాత్రికి కూడా తీసుకోండి. అలా తీసుకున్నప్పుడు ఐదు గంటలకు వస్తామని రాయడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇప్పుడు మీరు ఆలస్యంగా వచ్చేవారి లెక్కలోకి మారారు.

హోటల్ వీలు కాదంటే మూడు చిన్నవి అడగవచ్చు. సామాను పెట్టుకోనివ్వడం, మొహం కడుక్కోవడానికి స్నానాల గది, మొదట ఖాళీ అయిన గదిని మీకే ముందుగా తుడిపించడం. పెళ్లివారి గదులు ఏడు ఎనిమిదికే ఖాళీ కావచ్చు, ఈ మూడోది అడిగినవారికి పన్నెండు వరకు ఆగే పని తప్పవచ్చు.

తమ్ముడికి ఎనిమిదిన్నరకు జవాబు వచ్చింది. మొదటి అంతస్తులో లిఫ్టు ఎదుటి గది, సగం అద్దె. వాళ్లు 4.50కి చేరారు. కౌంటర్‌లోని కుర్రవాడికి విషయం తెలియదు. తమ్ముడు ఫోనులోని జవాబు చూపించాక రిజిస్టర్‌లో వెతికి తాళం ఇచ్చాడు. 17న బిల్లు చూస్తే సగం అద్దె రెండుసార్లు పడింది, ఒకటి రాత్రివారు వేసినది, మరొకటి పగటివారు వేసినది. అదే జవాబు మళ్లీ చూపిస్తే 1,260 రూపాయలు తీసేశారు. ఆ సందేశాన్ని బిల్లు కట్టేదాకా ఫోనులో ఉంచుకోండి.