ఇంట్లో వ్యాపారం మాట ఎత్తితే వద్దంటున్నారా? దోసెపిండి లెక్కతో సమస్య - పరిష్కారం

తిరుపతిలో చిన్న దుకాణాలకు లెక్కలు రాయడం నా పని. వ్యాపారం పెడతామని వచ్చే పిల్లలు ఎక్కువమంది చెప్పేది ఒకటే: "అన్నా, ఐడియా బాగుంది, నాన్నే ఒప్పుకోవడం లేదు." వాళ్ల నాన్నలను కదిలిస్తే అడ్డం పడాలన్న ఉద్దేశం ఏమీ కనిపించదు. వాళ్లు అడిగిన ప్రశ్నకు ఇంట్లో ఎవరూ అంకె చెప్పి ఉండరు, అంతే. ఆ అంకె ఎలా తేవాలో మా చిన్నాన్న కొడుకు ఉదాహరణతో చెబుతాను. ఎం.ఆర్.పల్లిలో ఉంటాడు, బీటెక్ అయింది, నెలకు 18 వేల జీతం. అపార్ట్‌మెంట్లకు ఇంటింటికీ దోసెపిండి వేయాలన్నది వాడి ఆలోచన.

సమస్య 1: "ఎవరు కొంటార్రా? ప్రతి ఇంట్లో గ్రైండర్ ఉంది కదా!"

కారణం: మీ దగ్గర ఉన్నవి మెచ్చుకోళ్లు, అమ్మకాలు కావు. మా తమ్ముడు కూడా మొదట స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అడిగాడు. అందరూ "సూపర్, పెట్టు మామా" అన్నారు. అందులో ఎవరి ఇంట్లోనూ పిండి కొనే నిర్ణయం వాళ్లది కాదు. చిన్నాన్న ఆ మెసేజ్‌లు చూసి ఫోన్ పక్కన పెట్టేశాడంటే ఆయన తప్పు లేదు.

పరిష్కారం: ఉద్యోగం మానకుండా, కొత్త సామాను కొనకుండా 4 వారాలు అమ్మి చూడాలి. ఇంట్లో ఉన్న 2 లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్‌తో నాలుగు వాయిలు రుబ్బితే రోజుకు 8 కిలోల దాకా పిండి వస్తుంది. పరీక్షకు అది చాలు. బంధువులు, స్నేహితులు కాని 20 ఇళ్లు ఎంచుకోవాలి. మొదటి ప్యాకెట్ కూడా ఉచితంగా ఇవ్వొద్దు. ఊరికే ఇస్తే ఎవరైనా తీసుకుంటారు, దాన్ని బట్టి మనకు తెలిసేదేమీ ఉండదు.

ఒక నోటుపుస్తకంలో ఇంటి నంబరు, తేదీ, ఎన్ని కిలోలు, డబ్బు చేతికి వచ్చిందా లేదా అన్నవి రాయాలి. "తర్వాత ఇస్తాలే" అన్నవి వేరే పేజీలో రాయాలి, వాటిని అమ్మకంలో కలపకూడదు. మా వాడి పుస్తకంలో మొదటి వారం 20 ఇళ్లూ కొన్నాయి. రెండో వారానికి 16, మూడో వారానికి 13, నాలుగో వారానికి 12 ఇళ్లు నిలిచాయి. మొదట్లో పడిపోతుంటే వాడికి టెన్షన్ వచ్చింది కానీ, చూడాల్సింది చివర్లో ఎక్కడ ఆగిందన్నదే. 13 నుంచి 12కి వచ్చిందంటే దాదాపు నిలదొక్కుకున్నట్టు. ఆ 12 ఇళ్లూ వారానికి సగటున 2 కిలోలు తీసుకున్నాయి. వాడు ఇంట్లో చూపించాల్సినవి ఈ రెండు అంకెలే.

మన ఊళ్లో ఒక మెలిక ఉంది. శనివారం ఒక్కపొద్దు ఉండే ఇళ్లు ఇక్కడ చాలా ఎక్కువ. రాత్రికి అన్నం మానేసి టిఫిన్ చేసుకుంటారు. ఆదివారం పొద్దున మళ్లీ దోసెలే. అందుకని శని, ఆదివారాలు మాత్రమే అమ్మి చూస్తే వ్యాపారం పరుగులు పెడుతున్నట్టు కనిపిస్తుంది. మంగళ, బుధవారాల్లో ఎన్ని ప్యాకెట్లు కదిలాయో తెలియకుండా నెల మొత్తానికి లెక్క కట్టకండి. మీ అమ్మ ఆ తేడాను ఒక్క చూపులో పట్టేస్తుంది.

సమస్య 2: "కిలోకి ముప్పై మిగిలితే మాత్రం ఏం లాభం, మీ అమ్మ చాకిరీకి కూలి ఎవరిస్తారు?"

కారణం: ఖర్చులో బియ్యం, మినప్పప్పు మాత్రమే వేసుకోవడం. నేను చూసిన లెక్కల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే.

పరిష్కారం: ప్రతి పైసా ఒక కిలో పిండి మీద వేయండి. వాడి లెక్క ఇలా వచ్చింది. 4 కిలోల బియ్యం 180 రూపాయలు, కిలో మినప్పప్పు 130, మెంతులు, ఉప్పు కలిపి 10. మొత్తం 320. నీళ్లు పోసి రుబ్బితే అవి సుమారు 11 కిలోల పిండి అయ్యాయి. అంటే కిలోకి సరుకు 29 రూపాయలు. ఈ 11 కిలోలు అన్నది మీ పప్పు పాతదా కొత్తదా, పిండి ఎంత జారుగా రుబ్బుతారు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇంకొకరి అంకె తీసుకోకుండా మీ పిండిని మీరే తూచుకోండి.

దాని మీద కవరు, లేబుల్ 3, కరెంటు 2. అప్పటికి 34 అయింది. పెట్రోలు 3. చివరగా అందరూ మరిచిపోయేది, మిగిలిపోయిన పిండి. చేసిన ప్రతి 8 కిలోలకు ఒక కిలో అమ్ముడుపోకుండా మిగిలింది. ఆ కిలో ఖర్చును అమ్ముడైన 7 కిలోల మీద పంచితే తలా 5 రూపాయలు పడుతుంది. మొత్తం 42. అమ్మింది 65కి కాబట్టి చేతికి మిగిలేది 23. ముప్పై అన్న మాట అక్కడే తేలిపోయింది. అదే పిండి కిరాణా కొట్లో పెడితే కొట్టాయన కిలోకి 10 ఉంచుకుంటాడు, మనకు 13 వస్తుంది. అమ్ముడుపోనివి తిరిగి మనకే ఇస్తాడు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ఇంటింటికీ వేయడమే మంచిదన్నది నా అభిప్రాయం, కనీసం మొదటి ఏడాది.

ఇప్పుడు నెల లెక్క. రోజుకు 30 కిలోలు, 26 రోజులు అమ్మితే 780 కిలోలు. కిలోకి 23 చొప్పున 17,940. చూడటానికి జీతానికి సమానం. కానీ 30 కిలోలు అమ్మ ఒక్కతే రుబ్బలేదు. పూటకు రెండు గంటలు సాయానికి మనిషిని పెడితే నెలకు 4 వేలు, గ్రైండర్, ఫ్రిజ్ అరిగిపోయేదానికి 2 వేలు పక్కన పెట్టాలి. మిగిలేది 12 వేల లోపే. 18 వేలు మిగలాలంటే రోజుకు 40 కిలోలు వెళ్లాలి. వారానికి 2 కిలోల ఇల్లు, ఆరు రోజుల అమ్మకం అనుకుంటే 120 ఇళ్లు కావాలి. 20కి 12 నిలిచాయి కాబట్టి, 120 నిలవాలంటే 200 ఇళ్ల తలుపు తట్టాలి.

ఈ పేజీ చదివాక చిన్నాన్న మొదటిసారి ఎదురు ప్రశ్న అడిగాడు: "200 ఇళ్లు యాడున్నాయిరా?" వద్దు అనడం మానేసి ఎక్కడ అని అడిగాడంటే మాట ముందుకు కదిలినట్టే. వాడు ఎం.ఆర్.పల్లి, బైరాగిపట్టెడ వైపు అపార్ట్‌మెంట్లు తిరిగి, ఒక్కోదాంట్లో ఎన్ని ఫ్లాట్లున్నాయో వాచ్‌మన్‌లను అడిగి రాసుకొచ్చాడు. ఇంటర్నెట్‌లో దొరికే "మార్కెట్ సైజు" కంటే ఆ కాగితానికే ఇంట్లో విలువ ఎక్కువ.

అదే సమయంలో చిన్నాన్న భయం ఒకటి నిజమేనని కూడా ఆ లెక్కే చెప్పింది. 12 ఇళ్ల దగ్గర ఉండగా ఉద్యోగం మానేయడం కుదరదు. అది వాడే ముందు ఒప్పుకున్నాడు. లెక్క మనకు ఎదురు తిరిగిన చోట దాచకుండా చెబితే మిగతా అంకెలను కూడా పెద్దవాళ్లు నమ్ముతారు.

సమస్య 3: "తిన్నవాళ్లకు ఏమన్నా అయితే?"

కారణం: ఇది అమ్మ అడిగే ప్రశ్న, సరైన ప్రశ్న. మన ఎండల్లో పిండి త్వరగా పులుస్తుంది. చలికాలం రాత్రంతా పట్టేది మే నెలలో ఐదారు గంటల్లో అయిపోతుంది. కవర్లో కూడా పులుస్తూనే ఉంటుంది కాబట్టి ప్యాకెట్ ఉబ్బుతుంది.

పరిష్కారం: పూర్తిగా పొంగకముందే కవరు కట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. కవరు నిండా నింపకుండా పైన ఖాళీ ఉంచాలి. ఎండ ఎక్కకముందే ఇళ్లకు చేర్చాలి. ప్రతి విడత నుంచి ఒక ప్యాకెట్ మీ ఫ్రిజ్‌లోనే ఉంచి, ఏ రోజుకు పులుపు ఎక్కువైందో రాసుకోండి. దాన్ని బట్టి లేబుల్ మీద "ఇన్ని రోజుల్లో వాడండి" అన్నది, ఒక రోజు తగ్గించి, వేయండి. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్ FoSCoSలో చేసుకోవచ్చు. ఇలాంటి చిన్న వ్యాపారానికి ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఆ సర్టిఫికెట్ ప్రింటు తీసి అమ్మ చేతికి ఇవ్వండి.

సమస్య 4: లెక్కంతా విని, తలూపి, మళ్లీ "వద్దులే నాయనా" అంటారు

కారణం: అసలు భయం లెక్కలో లేదు. అక్క పెళ్లి కావచ్చు, ఇంటి కాగితాలు బ్యాంకులో పెడతాడేమోనన్న అనుమానం కావచ్చు, ఎప్పుడో మేనమామ హోటల్ పెట్టి అప్పులపాలైన జ్ఞాపకం కావచ్చు. "బీటెక్ చదివి పిండి అమ్ముతున్నాడంటే సంబంధాలు వస్తాయా" అన్నది కూడా బయటికి అనరు గానీ ఉంటుంది.

పరిష్కారం: ఇంకో లెక్క తీసుకెళ్లకండి. నాన్న లేనప్పుడు అమ్మను అడగండి, "నాన్నకు దేనికి భయం?" అని. మా ఇంట్లో అలాగే బయటపడింది, అక్క పెళ్లికి దాచిన చీటీ డబ్బు వాడు అడుగుతాడేమోనని. దానికి మందు ఒక తెల్లకాగితం. వాడు రాసింది ఇది: చీటీ డబ్బు, ఇంటి కాగితాలు ముట్టను. టిల్టింగ్ గ్రైండర్, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ కలిపి 45 వేలు, నా జీతంలోంచే. ఆపేస్తే సగం ధరకు అమ్ముకోవచ్చు, కాబట్టి సామాను మీద పోయేది 22 వేలకు అటూ ఇటూ. 6 నెలల్లో 60 ఇళ్లు నిలవకపోతే మానేస్తాను. 120 ఇళ్లు దాటేదాకా ఉద్యోగం వదలను.

కింద సంతకం పెట్టి తేదీ వేశాడు. చిన్నాన్న చదివి ఒక్క మార్పు అడిగాడు. 4 వారాల పరీక్ష నవంబరులో జరిగింది కాబట్టి, ఏప్రిల్‌లో ఇంకో రెండు వారాలు అదే పాత గ్రైండర్‌తో అమ్మి, ఎండల్లో 8 కిలోలకు ఎంత పాడవుతోందో చూపించమన్నాడు. మిగిలేది ఒకటికి బదులు రెండు కిలోలైతే కిలో లాభం 23 నుంచి 17 దగ్గరికి పడిపోతుంది, అప్పుడు 120 ఇళ్ల లెక్క కూడా సరిపోదు. 45 వేల సామాను ఆ అంకె వచ్చాకే కొనాలని కాగితంలో చేర్చి ఇద్దరూ సంతకం పెట్టారు.